మెమోలో ఎనిమిది మూడైపోతే

జిల్లా ఆసుపత్రిలో ల్యాబ్ అటెండెంటు పోస్టులు పడ్డాయి. అర్హత పదో తరగతి. రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. దరఖాస్తుతో పాటు టెన్త్ మెమో స్కాన్ చేసి పెట్టమన్నారు. నాలుగు పోస్టులకు నాలుగు వందల దరఖాస్తులు వచ్చాయి. ఇక ఆ నాలుగు వందల కాగితాల్లోంచి మార్కులు, బోర్డు పేరు, పాసైన సంవత్సరం తీసి ఒకే పట్టికలో పెట్టాలి. ఆ పట్టికను పెద్దమార్కు నుంచి చిన్నమార్కుకు పేరిస్తే మెరిట్ లిస్టు తయారైనట్టే.

ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణే అయినా పద్ధతి మాత్రం నిజంగా ఉన్నదే. ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు నియామకాలు కొన్నేళ్లుగా ఇలాగే జరుగుతున్నాయి. మొత్తం వంద మార్కుల్లో 75 అర్హత పరీక్ష మార్కులకు, పాసైనప్పటి నుంచి నిండిన ఏడాదికి ఒకటి చొప్పున గరిష్ఠంగా 10, కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు గరిష్ఠంగా 15. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ పోస్టుల్లోనైతే పదో తరగతి మార్కులే సర్వస్వం, శాతాన్ని నాలుగు దశాంశ స్థానాల దాకా లెక్కిస్తారు. అంటే మెమో మీది ఒక్క అంకెను తప్పుగా ఎక్కిస్తే అది గుమాస్తా పొరపాటుగా మిగిలిపోదు. ఆ ఇంటికి ఉద్యోగం రావడం, రాకపోవడం దాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పట్టిక ఎలా తయారవుతుందో, ఎక్కడ బెసుకుతుందో దరఖాస్తు పెట్టేవాళ్లకూ తెలిసి ఉండాలి.

ముందు కాగితం సంగతి చూద్దాం. వచ్చేవాటిలో శుభ్రమైన స్కాన్లు తక్కువ. ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, అక్కణ్నుంచి దించినవి కొన్ని. లామినేషన్ మీద ట్యూబ్‌లైటు మెరుపు పడి సగం అంకెలు తెల్లబోయినవి కొన్ని. జెరాక్స్‌కు జెరాక్స్ తీసినవి, వాటి మీద సరిగ్గా మొత్తం మార్కులు ఉన్నచోటే గెజిటెడ్ అధికారి సంతకం, గుండ్రటి ముద్ర పడినవి ఇంకొన్ని. పైగా అసలు మెమో కాగితంలోనే నకిలీలు చేయకుండా సన్నటి గీతలు, చిహ్నం వెనక నేపథ్యంలో ముద్రించి ఉంటాయి. కంటికి అవి అడ్డం కావు గానీ, అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు ప్రతి గీతా ఒక అక్షరంలాగే కనిపిస్తుంది. కాగితాన్ని 300 డీపీఐలో, వంకర లేకుండా, నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే సగం తిప్పలు తప్పుతాయి. ఫొటోనే గతి అయితే నిటారుగా తిప్పి, అంచులు కత్తిరించి, నేపథ్యపు రంగు పోయేలా చేశాకే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి.

టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌ను చాలామంది వాడతారు. దానికి ఇచ్చే ఆదేశం ఇంతే:

```
tesseract memo_041.png memo_041 -l eng --psm 6 tsv
```

చివర ఉన్న `tsv` వల్ల, చదివిన ప్రతి మాట పక్కనా తాను ఎంత నమ్మకంగా చదివిందో వందకు ఇంత అని ఒక సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య తక్కువగా ఉన్నవాటిని మనిషి మళ్లీ చూడాలి. ఎక్కువగా ఉన్నంత మాత్రాన సరిగ్గా చదివిందని మాత్రం అనుకోకూడదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కొట్టిన ఎనిమిదిలో ఎడమవైపు చుక్కలు జెరాక్స్‌లో చెరిగిపోతే అది అచ్చంగా మూడే. యంత్రం దాన్ని ఏ అనుమానమూ లేకుండా మూడు అనే చదువుతుంది. అలాంటి తప్పు పట్టించేది నమ్మకపు సంఖ్య కాదు, మెమోలోనే ఉన్న వేరే ఆధారం.

ఉదాహరణకు 41వ నంబరు దరఖాస్తు తీసుకుందాం. 2009 మార్చిలో పాసైన పాత మెమో. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. ఓసీఆర్ తీసిన అంకెలు వరుసగా 72, 58, 61, 33, 76, 69. కింద మొత్తం 419 అని అచ్చయి ఉంది. పైవి కూడితే 369 వస్తోంది. తేడా సరిగ్గా 50. ఈ తేడా అంకెనే కాసేపు చూడండి. పదుల స్థానంలో ఎనిమిదిని మూడుగా చదివితే వచ్చే తేడా యాభై. ఏడును ఒకటిగా చదివితే అరవై. ఒకట్ల స్థానంలో ఎనిమిది మూడైతే అయిదు. కాబట్టి తేడా యాభై అనగానే ఆ వరుసలో పదుల స్థానంలో మూడు ఎక్కడుందో వెతకాలి. గణితంలో 33 ఉంది. పాత మెమోల్లో చాలావాటిలో అంకెల పక్కనే మార్కులను అక్షరాల్లో కూడా ముద్రిస్తారు. అక్కడ ఎయిట్ త్రీ అని ఉంది. 83 పెడితే మొత్తం 419కి సరిపోయింది. యంత్రం అంకెను తప్పు చదవొచ్చు గానీ ఎయిట్ అనే మాటను త్రీ అని చదవడం అరుదు. అందుకే అంకె, అక్షరం, మొత్తం ఈ మూడూ కలిసిన వరుసనే ఖాయం చేసుకోవాలి. రెండే కలిస్తే ఎర్రగుర్తు పెట్టి మనిషికి పంపాలి.

ఈ తనిఖీ లేకుండా, సబ్జెక్టు మార్కులు కూడి వచ్చినదే మొత్తం అనుకునే పట్టికలో ఈ మనిషికి 369 పడేది. 75కు లెక్కేస్తే 46.125. అసలు రావలసింది 52.375. ఆరు మార్కులకు పైగా పోయాయి. పాసై పదేళ్లు దాటింది కాబట్టి అనుభవం కింద వచ్చే పదీ కలిపితే నిజమైన మొత్తం 62.375.

కూడికలు సరిపోయినంత మాత్రాన పని తీరిపోదు, ఎందుకంటే అన్ని మెమోల్లోనూ కూడడానికి మార్కులు ఉండవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 2012 నుంచి మార్కులకు బదులు గ్రేడ్లు, జీపీఏ వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి మార్కులకు మారింది, తెలంగాణ 2025లో మారింది. మధ్యలో 2020, 2021 కోవిడ్ బ్యాచ్‌లు పరీక్షలు పూర్తిగా జరగకుండానే పాసయ్యాయి. సీబీఎస్‌ఈ కూడా 2010 నుంచి 2017 దాకా పదో తరగతికి సీజీపీఏ ఇచ్చి, 2018లో మార్కులకు తిరిగి వచ్చింది. కాబట్టి బోర్డు పేరు, సంవత్సరం రెండూ కలిస్తేనే ఆ మెమో ఏ కొలతలో ఉందో తెలుస్తుంది. ఒక్క బోర్డు పేరుతో తెలియదు, ఒక్క సంవత్సరంతోనూ తెలియదు. పట్టికలో ఈ రెండు కాలమ్‌లనూ మార్కులకంటే ముందు నింపాలని నేననేది అందుకే.

బోర్డు పేరు దగ్గర దరఖాస్తుదారు టైపు చేసినదాన్ని నమ్మితే కష్టమే. స్టేట్ బోర్డ్ అని ఒకరు రాస్తారు, ఎస్సెస్సీ అని ఒకరు, చదివిన స్కూలు పేరు మరొకరు. సీబీఎస్‌ఈని సీబీఎస్సీ అని రాసేవాళ్లకు లెక్కే లేదు. అందుకని మెమో నెత్తిమీద ముద్రించిన పేరునే ఒక కాలమ్‌లో ఉన్నదున్నట్టు రాసి, పక్క కాలమ్‌లో మనం ముందే అనుకున్న జాబితాలోంచి ఒక పొట్టి పేరు ఎంచుకోవాలి. అక్కడ ఒక చిక్కుంది. 2014 మార్చిలో వరంగల్‌లో పది రాసిన పిల్లల మెమో మీద ఉండేది ఆంధ్రప్రదేశ్ బోర్డు పేరే, ఎందుకంటే తెలంగాణ ఏర్పడింది ఆ జూన్ 2న. ఆ పేరు చూసి ఇతను ఆంధ్రా అభ్యర్థి అని కాలమ్ నింపేస్తే స్థానికత తప్పిపోతుంది. స్థానికతను తేల్చేది బోర్డు పేరు కాదు, ఎక్కడ చదివారో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు. ఓపెన్ స్కూలు మెమోలదీ ఇలాంటి సంగతే. పేరులో ఆంధ్రప్రదేశ్ అనో తెలంగాణ అనో కనిపించగానే రెగ్యులర్ బోర్డు గూటిలో వేసేస్తుంటారు. ఆ మెమోల తీరు వేరు, దానికి వేరే పొట్టి పేరు ఉండాలి.

118వ దరఖాస్తు 2016 మార్చి మెమో. ఇందులో మార్కులు లేవు. ఆరు సబ్జెక్టుల గ్రేడు పాయింట్లు 9, 7, 8, 8, 9, 8 అని, కింద జీపీఏ 8.2 అని ఉంది. ఇక్కడా ఒక కూడిక తనిఖీ ఉంది. పాయింట్లు మొత్తం 49, ఆరుతో భాగిస్తే 8.17, ఒక దశాంశానికి సవరిస్తే 8.2. సరిపోయింది. చుక్క కనబడక ఓసీఆర్ 82 అని చదివినా, 3.2 అని చదివినా ఈ లెక్క వెంటనే పట్టేస్తుంది.

అయితే 8.2ను శాతంగా మార్చడం ఎలా? పదితో హెచ్చిస్తే 82, 9.5తో హెచ్చిస్తే 77.9. సీబీఎస్‌ఈ తన సీజీపీఏకు సూచించిన గుణకం 9.5. తపాలా శాఖ కూడా గ్రేడు పాయింట్లకు దాన్నే వాడుతుంది. 75కు లెక్కేస్తే మొదటి పద్ధతిలో 61.5, రెండో దాంట్లో 58.425. తేడా మూడు మార్కుల పైచిలుకు, అంటే మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చే వెయిటేజీతో సమానం. ఏ గుణకం వాడాలన్నది కంప్యూటరు ముందు కూర్చున్న ఆపరేటరు తేల్చే విషయం కాదు. నోటిఫికేషన్‌లో ముందే రాసి ఉండాలి. లేకపోతే కాగితాలు తెరవకముందే కమిటీ తేల్చి సంతకం పెట్టాలి. ఎవరి మెమోలో ఏముందో చూశాక తేల్చే గుణకాన్ని ఎవరు నమ్ముతారు?

ఏ గుణకం వాడినా పూర్తి న్యాయం జరగదన్నది కూడా ఒప్పుకోవాలి. 92 నుంచి 100 దాకా వచ్చిన ప్రతి సబ్జెక్టుకూ పది పాయింట్లే. అన్నింట్లో 92 వచ్చిన అమ్మాయికీ, అన్నింట్లో వందకు వంద వచ్చిన అమ్మాయికీ జీపీఏ 10, 9.5తో హెచ్చిస్తే ఇద్దరికీ 95 శాతం. 2011లో అవే 92లు తెచ్చుకున్న వాళ్లక్క మెమో మీద మాత్రం 552, అంటే 92 శాతమే. గ్రేడు నుంచి మార్కులను తిరిగి రాబట్టే దారి ఏ సాఫ్ట్‌వేర్‌కూ లేదు, ఆ సమాచారం కాగితం మీదే లేదు కనుక. పట్టికలో మాత్రం ఈ వరుసలో శాతం జీపీఏ నుంచి వచ్చిందని చెప్పే కాలమ్ ఒకటి తప్పకుండా ఉండాలి. మార్కుల శాతమూ, మార్చిన శాతమూ ఒకే రకంగా కనబడేలా కలిపేయడాన్ని నేను ఒప్పుకోను.

203వ దరఖాస్తు 2019 సీబీఎస్‌ఈ. ఈ మెమోలో మొత్తం మార్కులే ఉండవు. సీబీఎస్‌ఈ మొత్తం, శాతం ముద్రించదు. అయిదు కంటే ఎక్కువ సబ్జెక్టులు ఉంటే ఏ అయిదు తీసుకోవాలో చేర్చుకునే సంస్థే తేల్చుకోవాలని చెబుతుంది. ఇంకో చిక్కు, ప్రతి వరుసలోనూ థియరీ, ఇంటర్నల్, మొత్తం అని మూడు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఓసీఆర్ ఒక కాలమ్ జారితే ఇంటర్నల్ 19 అన్నది సబ్జెక్టు మార్కుగా వచ్చి కూర్చుంటుంది. మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. అదే ఇక్కడి తనిఖీ.

ఈ అభ్యర్థి మార్కులు 71, 64, 58, 77, 80. అదనంగా తీసుకున్న ఆరో సబ్జెక్టులో 92. మొదటి అయిదే లెక్కలోకి తీసుకుంటే 500కు 350, మన కొలతలో 52.5. ఆరూ తీసుకుంటే 600కు 442, అంటే 55.25. మంచి అయిదు తీసుకుంటే 58 పోయి 92 వస్తుంది, 500కు 384, అంటే 57.6. పాసై అయిదేళ్లు నిండాయనుకుంటే మొత్తాలు వరుసగా 57.5, 60.25, 62.6. ఇప్పుడు 41వ నంబరు మనిషికి వచ్చిన 62.375ను దీని పక్కన పెట్టి చూడండి. మొదటి రెండు పద్ధతుల్లో ఆయన ముందుంటాడు, మూడో పద్ధతిలో వెనకపడతాడు. ఎవరి అంకెనూ తప్పు చదవలేదు, అయినా క్రమం తారుమారైంది. అందుకే లెక్క పద్ధతిని నోటిఫికేషన్‌లో ఒక్క వాక్యంలోనైనా రాయమని అడుగుతున్నాను.

పాసైన సంవత్సరం తేలిగ్గా తేలేదిగా కనిపిస్తుంది గానీ, మెమో మీద కనీసం మూడు తేదీలు ఉంటాయి. పుట్టిన తేదీ, పరీక్ష రాసిన నెల, మెమో జారీ చేసిన తేదీ. డూప్లికేట్ మెమో అయితే జారీ తేదీ పదేళ్ల తర్వాతది కూడా కావచ్చు. మనకు కావలసింది పరీక్ష నెల, సంవత్సరం. మార్చిలో ఒక సబ్జెక్టు పోయి జూన్ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లకు పాసైన నెల జూన్. ఇంటర్‌లో అయితే రెండేళ్లకు రెండు సంవత్సరాలు ఉంటాయి. అన్ని పేపర్లూ పూర్తయిన చివరి తేదీయే పాసైన తేదీ.

ఆ పైన నిండిన ఏడాది అన్నదొకటి. 118వ అభ్యర్థి పరీక్ష రాసింది 2016 మార్చి, ఫలితాలొచ్చింది మే నెలలో. నోటిఫికేషన్ కటాఫ్ తేదీ 2025 ఏప్రిల్ 10 అనుకుంటే, పరీక్ష నెల నుంచి లెక్కిస్తే తొమ్మిదేళ్లు నిండాయి, ఫలితాల నుంచి లెక్కిస్తే ఎనిమిదే. ఒక మార్కు తేడా. ఎక్సెల్‌లో నిండిన ఏళ్లు లెక్కించే ఫార్ములా ఇది:

```
=MIN(10, DATEDIF(H2, $L$1, "Y"))
```

H2లో పాసైన తేదీ, L1లో కటాఫ్ తేదీ. ఫార్ములాలో తప్పేమీ లేదు. అసలు ప్రమాదం H2లో ఉంది. ఎక్సెల్‌లో మార్చి 2016 అని ఇంగ్లిషులో కొడితే అది మీకు చెప్పకుండానే 2016 మార్చి 1 అని తేదీగా మార్చేసుకుంటుంది. అంటే ఫలితాల తేదీ నుంచి లెక్కించాలని కమిటీ తేల్చుకున్నా, పట్టిక పరీక్ష నెల నుంచే లెక్కిస్తూ పోతుంది. అభ్యర్థులందరికీ ఒకేలా తప్పితే ఎవరికీ అనుమానం కూడా రాదు. హాల్ టికెట్ నంబరు ముందు సున్నాలు ఉంటే వాటినీ మింగేస్తుంది. అందుకని మెమో నుంచి తీసిన కాలమ్‌లన్నింటినీ ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి, తేదీని విడిగా ఇంకో కాలమ్‌లో కట్టుకోవాలి.

పట్టికను రెండు భాగాలుగా చేయాలన్న మాట ఇక్కడే వస్తుంది. ఎడమవైపు మెమో మీద ఉన్నది ఉన్నట్టు: బోర్డు పేరు, పరీక్ష నెల, సబ్జెక్టు మార్కులు లేదా గ్రేడ్లు, అచ్చయిన మొత్తం, స్కాన్ ఫైలు పేరు. కుడివైపు మనం లెక్కించినవి: బోర్డు పొట్టి పేరు, గరిష్ఠ మార్కులు, శాతం, 75కు వచ్చినవి, నిండిన ఏళ్లు. ఎడమవైపు దాన్ని ఎవరూ దిద్దకూడదు. కుడివైపున ఏ అంకెనూ చేత్తో కొట్టకూడదు, అంతా ఫార్ములాయే. సవరించడం కూడా చిట్టచివర ఒక్కసారే చేయాలి, మధ్యలో చేస్తే మూడో దశాంశంలో వెనకాముందూ అయిపోతుంది. చదవలేని అంకె ఉంటే గడిని ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడి కనబడుతుంది, అభ్యర్థిని పిలిచి మంచి కాపీ అడగొచ్చు. ఊహించి వేసిన అంకె మాత్రం మిగతావాటిలో కలిసిపోతుంది.

అర్హత ఇంటర్మీడియెట్ అయినప్పుడు తరచూ కనిపించే ఒక తప్పు చెప్పాలి. ఎంపీసీలో మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530, కలిపి 1000. 2025 దాకా వచ్చిన బైపీసీ మెమోల్లో 440, 560. కొందరు రెండో ఏడాది షార్ట్ మెమో ఒక్కటే పెడతారు. అందులోని 489ని ఆపరేటరు వెయ్యికి 489 అని ఎక్కిస్తాడు. 530కి 489 తెచ్చుకున్న పిల్లవాడు ఒక్క గీతతో 48.9 శాతానికి పడిపోతాడు. దీన్ని పట్టే దారి ఆ పిల్లవాడి గ్రేడులో ఉంది. ఏ గ్రేడు అంటే 75 శాతం పైన. ఏ గ్రేడు ఉన్న వరుసలో శాతం 75 కంటే తక్కువ వస్తే గరిష్ఠ మార్కులో పొరపాటు జరిగిందని అర్థం.

ఓసీఆర్ వద్దు, ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు టైపు చేసి రెండు పట్టికలనూ పోల్చుకుంటే పోలేదా అని అడిగితే, నాలుగైదు వందల దరఖాస్తుల దాకా నేను దానికే ఓటేస్తాను. ఇద్దరూ ఒకే గడిలో ఒకే తప్పు చేయడం అరుదు, తేడా వచ్చిన గడులే మళ్లీ చూస్తే చాలు. వేలల్లో వస్తే మాత్రం ఓసీఆర్ తప్పదు. అప్పుడు కూడా రెండో టైపు చేతులు ఒక మనిషివి కావాలి.

ఈ పట్టిక చెప్పలేనిది ఒకటుంది. మెమో అసలుదో నకిలీదో స్కాన్ చూసి తేల్చలేం. ఫొటోలో 419ని 519 చేసి, సబ్జెక్టు మార్కులనూ, అక్షరాలనూ తగ్గట్టు దిద్దినవాడి కూడికలన్నీ చక్కగానే సరిపోతాయి. దానికి మందు హాల్ టికెట్ నంబరుతో బోర్డు రికార్డులో చూడటం, ఉన్నవాళ్లకు డిజీలాకర్ నుంచి తీయించడం, ఎంపికైనవాళ్ల ఒరిజినల్స్ చేత్తో పట్టుకుని చూడటం.

మెరిట్ లిస్టు ముందు ప్రొవిజనల్‌గానే పెడతారు, అభ్యంతరాలకు కొన్ని రోజులు గడువిస్తారు. ఆ జాబితాలో ఆధార్ నంబరు, ఫోన్ నంబరు పెట్టనక్కర్లేదు. దరఖాస్తు నంబరు, బోర్డు, పాసైన నెల, వచ్చిన మార్కులు, గరిష్ఠ మార్కులు, జీపీఏ అయితే ఏ గుణకం వాడారో, ఇవి ఉంటే చాలు. చివరి మొత్తం ఒక్కటే పెట్టిన జాబితాలో 56.125 చూసుకున్న 41వ నంబరు మనిషికి తప్పెక్కడ జరిగిందో తెలిసే వీలే లేదు. 600కు 369 అని పక్కన ఉంటే ఇంట్లో ఉన్న మెమో తీసి చూసుకుంటాడు. గడువులోగా మెమో పట్టుకుని ఆఫీసుకు వస్తాడు.